నల్లటి ఫోటోలోంచి బిల్లు మొత్తం ఎలా పుడుతుంది

కరెంటు బిల్లు ఫోటో తీసి, బొమ్మలు చదివే ఏఐ మోడల్‌కి పంపి, "ఈ నెల ఎంత కట్టాలి?" అని అడిగారనుకోండి. వెళ్లిన ఫైలు మాత్రం ఆ చివర నుంచి ఈ చివర దాకా ఉత్త నలుపు. పంపేటప్పుడు గోరంత బొమ్మగా కనిపిస్తుంది కాబట్టి మీరు గమనించలేదు. అప్పుడు మోడల్ నుంచి మూడు రకాల జవాబులు రావచ్చు. "బొమ్మ మొత్తం నల్లగా ఉంది, బిల్లేమీ కనిపించడం లేదు" అనొచ్చు. "నేను బొమ్మలు చూడలేను" అనొచ్చు. లేదా "మీరు కట్టాల్సింది ₹1,246, గడువు 14వ తేదీ" అని తడుముకోకుండా చెప్పొచ్చు.

మొదటిది సరైన జవాబు. మూడోది ప్రమాదమని అందరికీ తెలుసు. రెండోది తప్పే గానీ దానివల్ల నష్టమేమీ లేదని చాలామంది వదిలేస్తారు. నేను ఒప్పుకోను, కారణం తర్వాత చెబుతాను. ఈ వ్యాసంలో నా వాదన ఇది: బొమ్మ ఖాళీగా ఉందా లేదా అన్నది మోడల్ విచక్షణకి వదిలేసే విషయం కాదు. అది ముందే చిన్న లెక్కతో తేలిపోవాలి. లెక్కకి అందనివి మాత్రమే మోడల్ దాకా వెళ్లాలి. వెళ్లినప్పుడు "కనపడలేదు" అని చెప్పడానికి దానికి చోటుండాలి. ఇప్పుడు తయారవుతున్న చాలా యాప్‌లలో ఈ రెండూ ఉండవు.

అంకె ఎక్కడినుంచి వస్తుంది

నల్లటి బొమ్మ అంటే మోడల్‌కి ఏమీ అందనట్టే కదా, మరి జవాబెలా ఇస్తుందని అడుగుతారు. నిజానికి దానికి చాలానే అందుతుంది. 2023లో వచ్చిన, నిర్మాణం బయటికి తెలిసిన లావా-1.5 మోడల్‌ని తీసుకుందాం. అది బొమ్మని 336 × 336 పిక్సెళ్లకి కుదించి, 14 × 14 పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. అడ్డంగా 24, నిలువుగా 24, మొత్తం 576 గళ్లు. ఒక్కో గడి ఒక్కో టోకెన్‌గా, అంటే మోడల్ చదివే ఒక్కో అంకెల కట్టగా మారి భాషా మోడల్‌కి వెళుతుంది. బొమ్మ పెళ్లి ఫోటో అయినా, ఉత్త నలుపైనా వెళ్లేవి 576 టోకెన్లే. "ఇక్కడ ఏమీ లేదు" అని చెప్పే ప్రత్యేక టోకెన్ అంటూ ఒకటి లేదు.

పైగా నలుపు అంటే లోపల సున్నా కాదు. గళ్లుగా కోసే ముందు ప్రతి పిక్సెల్ విలువలోంచి సగటుని తీసేసి, విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనంతో భాగిస్తారు. లావాలో బొమ్మని అంకెలుగా మార్చే క్లిప్ ఎన్‌కోడర్‌లో, 0 నుంచి 1 దాకా ఉన్న కొలతలో, ఎరుపు రంగుకి సగటు 0.4815, విచలనం 0.2686. అంటే నల్ల పిక్సెల్ ఎరుపు విలువ 0 నుంచి దాదాపు -1.79 అవుతుంది. తెల్ల పిక్సెల్ +1.93 అవుతుంది. సున్నాకి దగ్గరగా వచ్చేది మధ్యస్థ బూడిద రంగే. కాబట్టి ఎన్‌కోడర్ దృష్టిలో నలుపు కూడా గట్టి సంకేతమే. దానికి ప్రతి గడి స్థానాన్ని తెలిపే వెక్టర్ కలుస్తుంది కాబట్టి, పిక్సెళ్లన్నీ ఒకటే అయినా 576 టోకెన్లు ఒకేలా ఉండవు. బొమ్మలో తేడా లేకపోయినా టోకెన్లలో తేడా ఉంటుంది.

ఆ టోకెన్ల పక్కనే మీ ప్రశ్న ఉంది. "ఈ నెల ఎంత కట్టాలి?" అన్న మాటలోనే బిల్లు ఉందన్న సంగతి ఒప్పుకున్నట్టయింది. భాషా మోడల్‌కి కరెంటు బిల్లులు ఎలా ఉంటాయో బాగా తెలుసు. ఇంటి బిల్లు సాధారణంగా ఏ మొత్తాల మధ్య ఉంటుందో, గడువు తేదీ ఏ వరుసలో వస్తుందో తెలుసు. బొమ్మ వైపు నుంచి గట్టి ఆధారం లేనప్పుడు ఈ పాత జ్ఞానమే జవాబుని లాక్కెళుతుంది. ₹1,246 పుట్టేది అక్కడినుంచే.

ఇది కొత్తగా బయటపడిన సంగతి కాదు. బొమ్మల మీద ప్రశ్నలడిగే వీక్యూఏ డేటాసెట్ మొదటి కూర్పులో "ఏ ఆట?" తరహా ప్రశ్నలకి బొమ్మ చూడకుండా "టెన్నిస్" అంటే 41 శాతం సరిపోయేది. "ఎన్ని?" అంటే "2" అని చెబితే 39 శాతం సరిపోయేది. "ఫలానాది కనిపిస్తోందా?" అనే తరహా ప్రశ్నలకి గుడ్డిగా "అవును" అంటే 87 శాతం. ఈ లోపాన్ని ఎత్తి చూపుతూనే 2017లో రెండో కూర్పు వచ్చింది. ఒకే ప్రశ్నకి వేర్వేరు జవాబులు వచ్చే బొమ్మల జతలు పెట్టి, చూడకుండా గెలిచే దారిని అందులో చాలావరకు మూశారు. అయినా మూలకారణం పోలేదు. శిక్షణలో మోడల్ చూసే ప్రశ్నల్లో అత్యధికం జవాబున్నవే. ప్రశ్న వచ్చిందంటే జవాబు ఉండే ఉంటుందని అది నేర్చుకుంది. ఆ అలవాటుకి ఎదురు నిలవాలంటే, "ఇందులో లేదు" అన్న ఉదాహరణల్ని పనిగట్టుకుని శిక్షణలో కలపాలి. ఇప్పటి పెద్ద మోడళ్లు పూర్తిగా నల్లటి బొమ్మ చూసి చాలాసార్లు "నల్లగా ఉంది" అనే అంటున్నాయంటే ఆ శ్రమ వల్లే. "చాలాసార్లు" అన్న మాటని మాత్రం మర్చిపోవద్దు. బొమ్మ ఒక్కటే పంపి "ఇందులో ఏముంది?" అంటే నల్లగా ఉందని చెప్పే మోడలే, "ఈ నెల ఎంత కట్టాలి?" అని అడిగితే జారిపోగలదు. అంతకుముందు అదే సంభాషణలో నాలుగు మంచి బిల్లులు చదివి, ఐదోది నల్లగా వస్తే జారే అవకాశం ఇంకా ఎక్కువ. ఎత్తి రాయడానికి నాలుగో బిల్లు అంకెలు కళ్లెదుటే ఉంటాయి.

బొమ్మ మీకు బాగానే కనిపించి, మోడల్‌కి నల్లగా చేరితే

"నల్లటి బొమ్మ పంపితే తప్పు పంపినవాళ్లది" అనుకోవడం తేలిక. లెన్సుకి వేలు అడ్డం పెట్టిన సందర్భాల్లో అది నిజమే. కానీ వాడినవాళ్ల తప్పు ఏమాత్రం లేని రకం ఒకటుంది. దాన్ని దగ్గరగా చూడటం అవసరం, ఎందుకంటే యాప్ కట్టినవాళ్లు మాత్రమే దాన్ని సరిచేయగలరు.

పారదర్శకత ఉన్న పీఎన్‌జీ ఫైలు అది. నోట్సు రాసుకునే యాప్‌లోంచి ఎగుమతి చేసిన చేతిరాత, బ్యాక్‌గ్రౌండ్ తీసేసిన సంతకం, కొన్ని ప్రోగ్రాములు ఇచ్చే గ్రాఫులు ఇలా వస్తాయి. రాత నల్ల సిరాలో ఉంటుంది, వెనక కాగితం ఉండదు. ఫోన్ గ్యాలరీ దాని వెనక తెలుపు వేసి చూపిస్తుంది కాబట్టి మీకు చక్కగా కనిపిస్తుంది. అదే ఫైలుని పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో తెరిచి, ఏముందో చూడండి:

```python
from PIL import Image
im = Image.open("notes.png")
print(im.mode, im.size, im.getextrema())
# RGBA (1200, 1600) ((0, 0), (0, 0), (0, 0), (0, 255))
```

చివరి వరుసలో నాలుగు జతలున్నాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటిలోనూ కనిష్ఠం 0, గరిష్ఠం 0. అంటే మూడు రంగుల్లోనూ ఎక్కడా ఏ తేడా లేదు. రాత మొత్తం నాలుగోదైన ఆల్ఫాలో, అంటే పిక్సెల్ ఎంత కనపడాలో చెప్పే విలువలో ఉంది: సిరా ఉన్నచోట 255, లేనిచోట 0. పారదర్శకంగా ఉన్న పిక్సెళ్ల రంగు ఏదైనా ఎవరికీ కనపడదు కాబట్టి చాలా ప్రోగ్రాములు అక్కడ సున్నాలే రాస్తాయి. ఇప్పుడు మోడల్‌కి పంపే ముందు యాప్‌లో `convert("RGB")` అని ఒక్క లైను ఉందనుకోండి. అది ఆల్ఫాని పారేసి మూడు రంగుల్ని ఉంచుతుంది. సిరా నలుపు, కాగితం నలుపు. ఏ దోషమూ చూపించకుండా, ఏ హెచ్చరికా లేకుండా రాత పూర్తిగా పోతుంది. ఆ తర్వాత మోడల్ "నల్లగా ఉంది" అన్నా వాడుకరి నమ్మడు. అతని ఫోన్‌లో అది తెల్లగా, స్పష్టంగా కనిపిస్తోంది మరి.

మందు చిన్నదే. ఆల్ఫాని పారేయకుండా, వెనక ఒక రంగు పరిచి దాని మీద అతికించాలి:

```python
im = im.convert("RGBA")
bg = Image.new("RGBA", im.size, (255, 255, 255, 255))
im = Image.alpha_composite(bg, im).convert("RGB")
```

అయితే తెలుపే ఎప్పుడూ సరైనదని రాసి పెట్టుకోవద్దు. నల్ల టీషర్టు మీద అచ్చేయడానికి చేసిన తెల్ల అక్షరాల లోగోకి తెలుపు పరిస్తే ఈసారి ఉత్త తెల్లటి బొమ్మ వస్తుంది. తెలుపు మీద ఒకసారి, నలుపు మీద ఒకసారి అతికించి, దేనిలో వెలుగు తేడాలు ఎక్కువ ఉంటే దాన్ని పంపడం నాకు నచ్చిన పద్ధతి. రెండిట్లోనూ తేడా లేకపోతే అప్పుడది నిజంగా ఖాళీ.

దీనికి దగ్గరి చుట్టం లాంటిది 16 బిట్ల బొమ్మ. ఎక్స్‌రే, స్కాన్ యంత్రాలు తరచూ 12 బిట్ల విలువలిస్తాయి: 0 నుంచి 4095 దాకా. వాటిని 16 బిట్ల డబ్బాలో పెడతారు. 8 బిట్లకి దించేటప్పుడు ఎవరైనా 256తో భాగిస్తే, అత్యధిక విలువ కూడా 15 దాటదు. తెర మీద అది నలుపే. భాగించకుండా 255 దగ్గర కత్తిరిస్తే బొమ్మలో చాలా భాగం తెల్లబడిపోతుంది. రెండు సందర్భాల్లోనూ అసలు ఫైలులో ఎముక, ఊపిరితిత్తి అన్నీ ఉన్నాయి. దారిలో పోయాయంతే. వైద్యానికి సంబంధించిన బొమ్మ నల్లగా వచ్చిందంటే ముందు బిట్ల లోతు చూడాలి, ఆ తర్వాతే "మళ్లీ పంపండి" అనాలి. కనిష్ఠ, గరిష్ఠ విలువల మధ్య సాగదీస్తే చాలాసార్లు బొమ్మ తిరిగొస్తుంది.

సగం వచ్చిన జేపెగ్‌ది ఇంకో గుర్తు. అప్‌లోడ్ మధ్యలో తెగితే పైభాగం బాగుండి, కింద మిగిలినదంతా ఒకే బూడిద రంగుగా తేలుతుంది. అందని గళ్ల గుణకాలు సున్నాలైతే జేపెగ్ లెక్కలో అది 128, అంటే సరిగ్గా మధ్య బూడిద. బిల్లు పైభాగంలో పేరు, సర్వీసు నంబరు ఉండి, కట్టాల్సిన మొత్తం కింద ఉంటే ఇది ఉత్త నలుపు కంటే చెడ్డది. పేరు సరిగ్గా చదివిన మోడల్ మొత్తాన్ని కల్పిస్తే ఎవరికీ అనుమానం రాదు.

ఖాళీని లెక్కతో ఎలా పట్టాలి

అందరూ మొదట చేసేది బొమ్మని నలుపు తెలుపుల్లోకి మార్చి, మొత్తం మీద ప్రామాణిక విచలనం కట్టడం. ఏ మూడో ఐదో కంటే తక్కువుంటే ఖాళీ అంటారు. ఉత్త నలుపుకి, ఉత్త తెలుపుకి ఇది చాలు. కానీ దాదాపు ఖాళీ కాగితం దగ్గర ఇది బొక్కబోర్లా పడుతుంది.

లెక్క చూడండి. 1200 × 1600 తెల్ల కాగితం మీద ఒక మూల ఒకే ఒక్క చిన్న మాట ఉంది. ఆ మాటకి 450 పిక్సెళ్ల సిరా అయింది. మొత్తం 19,20,000 పిక్సెళ్లలో అది 0.023 శాతం. విచలనం సుమారు 3.9. పల్చటి పెన్సిల్ రాత అయితే ఇంకా తక్కువ. గీత 5 దగ్గర గీసినవాళ్లు ఈ కాగితాన్ని ఖాళీ అని తిప్పి పంపుతారు. ఒక్క మాట రాసిన చీటీ పంపినవాళ్లకి ఆ మాటే ముఖ్యం.

అదే బొమ్మని అడ్డంగా 16, నిలువుగా 16 ముక్కలు చేయండి. ఒక్కో ముక్క 75 × 100, అంటే 7500 పిక్సెళ్లు. మాట ఉన్న ముక్కలో సిరా 6 శాతం, విచలనం 60 దాకా వస్తుంది. మాట రెండు ముక్కల మధ్య పడినా నలభై పైనే ఉంటుంది. మిగతా ముక్కలన్నీ సున్నా. కాబట్టి మొత్తం బొమ్మది కాదు, ముక్కల్లో అత్యధిక విచలనం ఎంతో చూడాలి. అది కూడా రెండు లోపే ఉంటే ఖాళీ అని ధైర్యంగా చెప్పొచ్చు, మోడల్‌ని పిలవక్కర్లేదు. ఈ పని మొత్తానికి సెకనులో చిన్న వంతు చాలు. డబ్బు ఖర్చూ ఉండదు. నల్లటి బొమ్మ పంపినా టోకెన్ల బిల్లు మామూలు బొమ్మకి పడినట్టే పడుతుంది కదా.

జేబులో ఉండగా తీసిన ఫోటోలు ఈ వలలో పూర్తిగా పడవు. చీకట్లో కూడా కెమెరా సెన్సార్‌లో రవ్వ, అంటే అర్థం లేని సన్నటి మచ్చలు ఉంటాయి. పిక్సెళ్లు 0 నుంచి 12 దాకా ఊగుతుంటాయి. సాగదీసి వెలుగు పెంచితే ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది, ఆ ఇసుకలో మోడల్‌కి రాత్రి ఆకాశమో కార్పెట్టో కనిపించడం మొదలవుతుంది. అందుకని వెలుగు పెంచే ముందు బొమ్మని ఎనిమిదో వంతుకి కుదించాలి. ప్రతి 64 పిక్సెళ్ల సగటు ఒక పిక్సెల్ అవుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రవ్వ అయితే దాని విచలనం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. చీకట్లో నిజంగా ఒక తలుపో, మనిషి ఆకారమో ఉంటే అది పెద్దగా తగ్గదు. కుదించాక మిగిలింది ఏదైనా ఉంటే మోడల్‌కి పంపండి, "చీకటిగా ఉన్న ఫోటో" అన్న మాట జోడించి. ఏమీ మిగలకపోతే వాడుకరికి తిప్పి పంపండి.

ఏమని చెప్పాలి

ఇప్పుడు "నేను బొమ్మలు చూడలేను" అన్న జవాబు సంగతి. అది వింటే వాడుకరికి అర్థమయ్యేది ఒక్కటే: ఈ యాప్‌లో ఫోటోలు పనిచేయవు. ఇంక ఫోటో పంపడు. కూర్చుని బిల్లు మొత్తం టైపు చేస్తాడు, లేదా యాప్ మూసేస్తాడు. నిజానికి మరోసారి ఫోటో తీస్తే పనైపోయేది. ఈ జవాబు ఎంత వినయంగా ఉన్నా అబద్ధం. బొమ్మ అందింది, మోడల్ చూసింది, అది నల్లగా ఉంది. అసలు బొమ్మే అందకపోవడం వేరు, అందింది ఖాళీగా ఉండటం వేరు, అందినదాంట్లో అడిగింది లేకపోవడం వేరు. ఈ మూడింటికీ వాడుకరి చేయాల్సిన పని మూడు రకాలు. కాబట్టి మూడింటికీ ఒకే మాట చెప్పడం నష్టం లేని తప్పేమీ కాదు.

మంచి జవాబులో అందిన సంగతి, కనిపించిన సంగతి, తర్వాత చేయాల్సిన ఒక్క పని ఉంటే చాలు. "ఫోటో అందింది, కానీ మొత్తం నల్లగా ఉంది, బిల్లు కనపడటం లేదు. మీ ఫోన్‌లో అది మామూలుగా కనిపిస్తుంటే జేపెగ్‌గా మార్చి పంపండి, లేకపోతే మళ్లీ తీసి పంపండి." కారణాన్ని తేల్చి చెప్పకూడదు. "మీరు లెన్సు మూసేశారు" అంటే అదీ కల్పనే. నల్లటి బొమ్మకి వేలు కారణమా, ఆల్ఫా కారణమా అన్నది మోడల్‌కి చేరిన పిక్సెళ్లలో ఉండదు. ప్రశ్నలో బొమ్మ లేకుండా చెప్పగలిగిన భాగం ఉంటే, ఉదాహరణకి "యూనిట్ల లెక్క ఎలా కడతారు?" అని కూడా అడిగి ఉంటే, అది విడిగా చెప్పొచ్చు. ఏది బొమ్మలోంచి వచ్చిందో, ఏది రాలేదో కలగలపకూడదు.

ఈ జాగ్రత్త ఎవరికి అన్నిటికన్నా ముఖ్యమో చెప్పాలి. విజ్‌విజ్ డేటాసెట్ 2018లో వచ్చింది. అందులోని 31 వేలకు పైగా ప్రశ్నలు చూపు లేనివాళ్లు నిజంగా ఫోన్‌తో ఫోటో తీసి, నోటితో అడిగినవి. వాటిలో నాలుగో వంతుకు పైగా ప్రశ్నలకి ఆ ఫోటో చూసి జవాబు చెప్పడం కుదరదు. లెన్సుకి వేలు అడ్డొచ్చింది, చీకటిగా ఉంది, అడిగిన వస్తువు చట్రంలో లేదు. ఒక్కో ప్రశ్నకి పదిమంది మనుషుల చేత జవాబు రాయించినప్పుడు, చెప్పలేమని రాసే వీలు వాళ్లకి ఇచ్చారు. ప్రశ్నకి జవాబు చెప్పగలమా లేదా అని తేల్చడాన్నే ఒక విడి పరీక్షగా పెట్టారు. మందు సీసా చేతిలో పట్టుకుని "ఇది ఏ మాత్ర?" అని అడిగే మనిషికి, తను పంపిన ఫోటో నల్లగా ఉందని తెలిసే దారి ఇంకోటి లేదు. మనమైతే తెర చూసి నాలుక కరుచుకుంటాం. వాళ్లకి మోడల్ చెప్పిందే ఫోటో. అక్కడ "పారాసిటమాల్ 650" అని ఊహించి చెప్పడం క్షమించరానిది. "నల్లగా ఉంది, లెన్సు మీద వేలుందేమో తడిమి చూడండి, లైటు వేసి ఒక జానెడు దూరం పెట్టి మళ్లీ తీయండి" అని చెప్పాలి.

ఫారం నింపమంటే ఖాళీ వదలదు

వేలకొద్దీ బిల్లుల్ని మనిషి చూడకుండా చదివించే చోట తప్పు మోడల్‌ది కాక, దానికి ఇచ్చిన ఫారంది అవుతుంటుంది. జవాబు ఫలానా ఆకృతిలోనే రావాలి, అందులో `amount` అంకెగా తప్పనిసరిగా ఉండాలి అని గట్టిగా బిగిస్తారు. అప్పుడు మోడల్ "నల్లగా ఉంది" అని అనాలన్నా అనే చోటు లేదు. అంకెల గడిలో అంకే పెట్టాలి. మంచి మోడలైతే 0 పెడుతుంది. అది కూడా ప్రమాదమే, బాకీ ఏమీ లేదని లెక్కల్లోకి ఎక్కుతుంది. ఆకృతి ఇలా ఉండాలి:

```json
{"readable": false, "seen": "uniform black", "amount": null}
```

ఇందులో వరుస ముఖ్యం. మోడల్ ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోతుంది. `amount` ముందుంటే, అంకె రాసేశాక `readable` దగ్గర దాన్ని సమర్థించుకోవడానికి "అవును" అంటుంది. `readable` ముందుంటే, "కాదు" అని రాసిన తర్వాత `null` రావడం సహజం. `seen` అన్న గడిలో కనిపించింది రెండు మాటల్లో రాయించడం వల్ల తర్వాత మనిషి వెతికేటప్పుడు, నల్లవెన్ని, సగం తెగినవెన్ని అని విడదీయడం కూడా తేలికవుతుంది.

చెయ్యి తగిలి పడిన స్క్రీన్‌షాట్

ఇది వేరే జాతి సమస్య. ఇందులో బొమ్మ ఖాళీగా లేదు, నిండుగా ఉంది. పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్లు కలిపి నొక్కుకుపోయి హోమ్ స్క్రీన్ పడింది. ఫోటో ఎంచుకునే చోట కొత్తవి ముందు వస్తాయి కాబట్టి మొదటి గడిలో అదే ఉంది. వేలు దాని మీదే పడింది. ముక్కల విచలనం లెక్క దీన్ని పట్టలేదు, ఇది మోడల్ చూడాల్సిందే.

ఇక్కడ మోడళ్లు చేసే తప్పు అతిగా సహాయం చేయడం. బిల్లు గురించి అడిగితే, హోమ్ స్క్రీన్‌లో ఉన్న యాప్‌లన్నీ వరసపెట్టి చెప్పి, పైన వచ్చిన మెసేజీలోని ఓటీపీతో సహా చదివి వినిపిస్తాయి. పొరపాటున వచ్చిన బొమ్మలోంచి అడగని వివరాలు జవాబులోకి ఎక్కించకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ జవాబు సంభాషణలో నిలిచిపోతుంది, యాప్ దాచుకునే రికార్డుల్లోకి వెళుతుంది, వేరేవాళ్లకి పంపించే అవకాశమూ ఉంటుంది. "ఇది ఫోన్ హోమ్ స్క్రీన్ స్క్రీన్‌షాట్‌లా ఉంది, బిల్లు కాదు. బిల్లు ఫోటో పంపుతారా?" అంటే సరిపోతుంది. గ్యాలరీ తెర పడి, అందులో చిన్న చిన్న బొమ్మల మధ్య బిల్లు కనిపిస్తుంటే "బిల్లు చిన్నగా కనిపిస్తోంది, అంకెలు చదవలేను, ఆ ఫోటోనే విడిగా పంపండి" అనాలి. నిజంగానే చదవలేదు కూడా. 1080 × 2400 తెరని 336 ఎత్తుకి కుదిస్తే 40 పిక్సెళ్ల అక్షరం ఆరు పిక్సెళ్లకి కూడా రాదు. కొత్త మోడళ్లు పెద్ద బొమ్మల్ని ముక్కలుగా చూస్తాయి కాబట్టి కొంత మెరుగు, అయినా గ్యాలరీలోని గోరంత బిల్లుని ఏ ముక్కా పెద్దది చేయలేదు.

మన దగ్గర తరచూ ఎదురయ్యే రకం ఒకటుంది. ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ అయినా తన తెర మీద `FLAG_SECURE` అన్న గుర్తు పెట్టుకోవచ్చు. బ్యాంకు, చెల్లింపుల యాప్‌లు చాలా తెరల మీద పెడతాయి. అప్పుడు స్క్రీన్‌షాట్ పడనే పడదు, స్క్రీన్ రికార్డు చేస్తే ఆ భాగం నల్లగా వస్తుంది. ఆ వీడియోలోంచి ఒక ఫ్రేము తీసి "డబ్బు వెళ్లిందా?" అని అడుగుతారు. బొమ్మలో పైన గడియారం, బ్యాటరీ గుర్తు, కింద అంతా నలుపు. పై వరుస ముక్కల్లో విచలనం ఎక్కువ కాబట్టి మన లెక్క దీన్ని ఖాళీ కాదని పంపేస్తుంది. మోడల్ "సమయం 10:42, బ్యాటరీ 64 శాతం" అని చెప్పి ఊరుకున్నా ఉపయోగం లేదు, "చెల్లింపు పూర్తయింది" అంటే ఘోరం. లెక్కలో పై 5 శాతం, కింది 5 శాతం వదిలేసి మధ్య భాగానికి విడిగా కడితే ఇది దొరుకుతుంది. అప్పుడు చెప్పాల్సింది: "పై పట్టీ తప్ప తెరంతా నల్లగా ఉంది. కొన్ని చెల్లింపు యాప్‌లు తమ తెర రికార్డు కాకుండా ఆపుతాయి, అది కారణం కావచ్చు. యాప్‌లో లావాదేవీల చరిత్ర తెరిచి అక్కడేముందో చెప్పండి."

మీ యాప్‌ని పరీక్షించడం

ఒక మంచి బిల్లు ఫోటో తీసుకోండి. దానికి సరిగ్గా అంతే కొలతల్లో ఉత్త నలుపు, ఉత్త తెలుపు, మధ్య బూడిద బొమ్మలు తయారు చేయండి. వీటికి కింది సగం బూడిదైన బిల్లు, నల్ల సిరా ఉన్న పారదర్శక పీఎన్‌జీ, హోమ్ స్క్రీన్ చేర్చండి. ప్రతిదానికీ "ఇందులో ఏముంది?" అని ఒకసారి, "ఈ నెల ఎంత కట్టాలి?" అని ఒకసారి విడివిడి సంభాషణల్లో అడగండి. తర్వాత నాలుగు మంచి బిల్లుల వెనక ఐదోదిగా నలుపు పంపి చూడండి. రెండో ప్రశ్నని తెలుగులో, ఇంగ్లీషులో రెండిట్లోనూ అడగాలి. ఒక భాషలో "కనపడలేదు" అనడం నేర్చుకున్న మోడల్ ఇంకో భాషలోనూ అంతే గట్టిగా నిలబడుతుందని అనుకోవడానికి వీల్లేదు.

నల్లటి బొమ్మకి అంకె వస్తే, అదే ప్రశ్నని ఐదుసార్లు అడగండి. ఐదు వేర్వేరు అంకెలొస్తే కల్పన అని అక్కడికక్కడే తేలిపోతుంది. ఐదుసార్లూ ఒకే అంకె వచ్చినంత మాత్రాన నిజమని కాదు, "టెన్నిస్" లాగా మోడల్‌కి బాగా అలవాటైన జవాబు కావచ్చు. అప్పుడు బొమ్మ పూర్తిగా తీసేసి ప్రశ్న మాత్రమే పంపండి. బొమ్మ లేకుండా కూడా అదే అంకె వస్తే, అది మీ బిల్లులోంచి ఎన్నడూ రాలేదు.

ఈ పరీక్షలో రెండో వైపు కూడా ఉంది. ఖాళీలని పట్టమని మోడల్‌ని గట్టిగా హెచ్చరించిన తర్వాత, మసక వెలుతురులో తీసిన నిజమైన బిల్లులు ఓ పది పంపి చూడండి. వాటిని కూడా "కనపడటం లేదు" అని తిప్పికొడుతుంటే హెచ్చరిక మరీ ఎక్కువైందన్నమాట. సూచనలో "అనుమానం ఉంటే చెప్పవద్దు" అని రాసి ఉంటే తీసేసి, "చదవగలిగిన అంకెలు చెప్పు, చదవలేని గడి పేరు చెప్పు" అని మార్చండి. మసక బిల్లు నుంచి సర్వీసు నంబరు వచ్చి, మొత్తం దగ్గర మాత్రం `null` వస్తే మీ అమరిక సరిగ్గా కుదిరినట్టు.